కాఫీ మరకు కక్కు

కొత్త ప్లేట్ల ఖరీదులో ఐదో వంతు పెట్టి కాఫీ మరను బాగుచేయించిన మొనగాడు పలాసకూ టెక్కలికీ మధ్య ఎవడైనా ఉన్నాడంటే అది నేనే. ఆ ఐదో వంతులో కూడా టీ డబ్బులు లేత్ మిషన్ అతని చేతే పెట్టించాను. ఈ సంగతి ఇంటికొచ్చి మా అప్పకు, అంటే అక్కకు, చెబుతున్నప్పుడు నా చెయ్యి నా మీసం మీదే ఉంది. ఇంతటి బేరం మా నాన్న కూడా ఎన్నడూ ఆడలేదు. ఆడలేదు గనకే ఆయన కొట్టు చివరిదాకా నిలబడింది.

మాది కొట్ల కుటుంబం. టెక్కలి బజార్లో నాన్నకు కిరాణా కొట్టు, పక్కనే చిన్నాన్నకు ఇనప సామాన్ల కొట్టు. మా ఇళ్ళలో పిల్లలకు లెక్కల కంటే ముందు బేరం వస్తుంది. నాకు మరీ బాగా వచ్చింది. ఎదుటివాడు ధర చెప్పగానే ముందు నవ్వాలి, తర్వాత అతని మీద జాలిపడాలి, ఆ తర్వాత చెప్పుల్లో కాళ్ళు పెట్టాలి. వెనక్కి పిలవనివాడు నాకు తగల్లేదు. పిలవకపోతే ఏం చెయ్యాలో నేను నేర్చుకోనే లేదు.

మా అప్పను కాశీబుగ్గలో ఇచ్చారు. బావది ఉద్దానం. తండ్రికి కొబ్బరితోట, కాస్త జీడితోట ఉండేవి. తోటలు అన్నలకు వదిలి ఈయన స్టేషన్‌కు వెళ్ళే రోడ్డులో కాఫీ పొడి కొట్టు పెట్టాడు. జీడిపప్పు వాసన తప్ప మరో వాసన తెలియని ఊళ్ళో కాఫీ పొడి ఎవడు కొంటాడని మా నాన్న వేళాకోళం చేశాడు. ఇది టీ ఊరు. అయినా రైల్వేవాళ్ళు, మేష్టార్లు, ఇచ్ఛాపురం వైపు నుంచి పెళ్ళి సామాన్లకొచ్చే ఒడియా కుటుంబాలు కొనేవారు. అన్నిటికీ మించి స్టేషన్ ఎదుట టిఫిన్ హోటలుంది. ఆ హోటలుకు రోజూ వెళ్ళే పొడి మీదే అప్ప సంసారం నడిచేది. విశాఖపట్నం నుంచి వేయించిన గింజలు వచ్చేవి. బావ వాటిని చికోరీతో కలిపి, మనిషి ఎదుటే మరలో పట్టి ఇచ్చేవాడు.

మర అంటే పెద్ద యంత్రమేమీ కాదు. పైన గింజలు పోసే తొట్టి, కింద పొడి రాలే మూతి, మధ్యలో ఎదురెదురుగా రెండు ఇనప ప్లేట్లు. ఒకటి కదలదు, రెండోది మోటారుతో తిరుగుతుంది. రెండిటి మీదా సన్నని పళ్ళుంటాయి. ప్లేట్ల మధ్య సందు ఎంత ఉండాలో పక్కనున్న చక్రం తిప్పి సరిచేసుకోవాలి. పనంతా ఆ పళ్ళదే. అవి గింజను కోయాలి, నలపకూడదు. కోస్తే పొడి ఒకే తీరుగా వస్తుంది. నలిపితే సగం రవ్వలా, సగం విబూదిలా వస్తుంది.

బావకు రెండు అలవాట్లుండేవి. ఆదివారం సాయంత్రం స్విచ్చి ఆపి, ప్లగ్గు కూడా పీకి, మర ముందు మూత విప్పేవాడు. ప్లేట్లు బయటికి తీసేముందు ఏది ఎటు ఉండేదో సుద్దముక్కతో గీత పెట్టుకునేవాడు. తర్వాత కొబ్బరి ఈనె చీల్చి ఆ పుల్లతో ఒక్కొక్క గాడినీ గీకేవాడు. పొడిబ్రష్షుతో దులిపి, పొడిగుడ్డతో తుడిచేవాడు. నీళ్ళ చుక్క తగలనిచ్చేవాడు కాదు.

“కాఫీలో నూనుంటాదిరా. అది కంటికి అవుపడదు. ఇయ్యాల పట్టిన నూనె రేపటికి ముదురుద్ది. వారం ఉంచితే జిగురు, నెలుంచితే లక్క. దాని మీద పడిన కొత్తగింజ కూడా పాత కంపే కొడతాది,” అనేవాడు.

రెండో అలవాటు పొద్దున్నే. మొదట పట్టిన పొడి గుప్పెడు పారేసి, తర్వాతి పొడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసి, ఆ పొడితోనే అప్ప చేత కాఫీ పెట్టించుకునేవాడు. ఆయన తాగి తలూపాకే ఆ రోజు అమ్మకం మొదలయ్యేది.

తర్వాత ఉద్దానంలో చాలా ఇళ్ళకు వచ్చిందే ఆయనకూ వచ్చింది. కిడ్నీలు. రోజు విడిచి రోజు డయాలసిస్. కూరలో ఉప్పు మానిపించారు. తాగే నీళ్ళకు కొలత పెట్టారు. పొద్దున్నే అప్ప ఒక సీసా నింపి మంచం పక్కన పెట్టేది. రోజంతటికీ అదే. మాత్రలకు గానీ దాహానికి గానీ అందులోంచే తీసుకోవాలి. కాఫీ మానక్కర్లేదని, తాగితే ఆ కొలతలోంచే తగ్గించుకోవాలని డాక్టరు చెప్పాడు. అందుకని అప్ప రోజూ ఆ సీసాలోంచి అర గ్లాసు నీళ్ళు తీసి పక్కన పెట్టేది. బావ ఆ అర గ్లాసు దాహాన్ని ఇచ్చి అర గ్లాసు కాఫీ కొనుక్కునేవాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు నాలుక పిడచకట్టుకుపోయి తడిగుడ్డ పెదాలకు అద్దుకుంటూ కూడా, “పొద్దున కాఫీ తాగకుండా ఉంటే బాగుణ్ణు,” అని ఆయన అనగా నేను వినలేదు. నా జన్మలో నేను చూసిన బేరాల్లో అంత నమ్మకంగా ఆడిన బేరం మరొకటి లేదు.

ఆయన ఎక్కువసేపు నిలబడలేని స్థితి వచ్చాక కొట్టు నేను చూశాను. రోజూ టెక్కలి నుంచి బస్సులో వచ్చేవాణ్ణి. బావ కొట్టు వెనక గదిలో మంచం మీద ఉండేవాడు. అక్కడి నుంచే మర చప్పుడు వినేవాడు.

ఆదివారం మర విప్పడమనే పని నాకు దండగలా కనిపించింది. పొడి వస్తోంది కదా. ఎవడైనా వచ్చి ‘మీ ప్లేట్ల గాళ్ళు చూపించండి’ అని అడుగుతాడా? వారం, నెల, అలా వర్షాలదాకా వెళ్ళిపోయింది.

ఒకరోజు పొద్దున్న బావ గదిలోంచి కేకేశాడు.

“ఏరా బామ్మర్దీ, మర మూతి దగ్గర ముక్కెట్టి సూసేవేటి?”

“నా ముక్కు పెళ్ళిలో నీ సెల్లెలికి నచ్చిందే బావా. పాడుసేసుకోడమెందుకు?”

“ఎగతాళి మాని సూడు. పల్లీనూనె ముక్కిపోయిన కంపు నాకిక్కడికి కొడతంది.”

చూశాను. నిజమే. మూతి లోపల వేలు పెడితే నల్లగా, జిగటగా అంటుకుంది. అంత పేరుకున్నదాన్ని ఈనెపుల్లతో గీకాలంటే పూట పడుతుంది. నాకంత ఓపిక లేదు. పైగా నాకో ఉపాయం తట్టింది. ఉపాయాలు తట్టడం నా పెద్ద జబ్బు.

మా అమ్మది నౌపడ. ఉప్పు మళ్ళ ఊరు. మా అమ్మ ఉప్పుతో తోమని వస్తువు లేదు. చేపలు కడిగిన గిన్నె, నూనె డబ్బా, చిమ్నీ, నాన్న కొట్టులో త్రాసు పళ్ళేలు, అన్నిటికీ కల్లుప్పే. జిడ్డును ఉప్పు లాగేస్తుందన్నది మా ఇంట్లో అన్నం వండటమంత మామూలు సంగతి. మరి మరలో జిడ్డును ఎందుకు లాగదు?

అది బావ డయాలసిస్ రోజు. అప్ప కూడా ఆసుపత్రిలోనే ఉంది. అమ్మ కుండలోంచి తెచ్చిన శేరు కల్లుప్పు తొట్టిలో పోసి స్విచ్చి వేశాను. రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు చప్పుడు. మూతిలోంచి బూడిదరంగు పొడి బుసబుసమంటూ దూకింది. ఎంత మురికి వచ్చిందో చూసి నా తెలివికి నేనే మురిసిపోయాను. వెనకాలే కొన్ని పాత గింజలు పోసి పట్టి పారేశాను. మూతి దగ్గర ముక్కు పెడితే కంపు సగం పోయింది. మూత విప్పి చూడలేదు. ఎందుకు చూడాలి? శుభ్రమైపోయింది కదా.

మర్నాడు పొద్దున్న అప్ప కాఫీ ఇచ్చింది. బావ ఒక గుక్క తాగి గ్లాసు దించాడు.

“ఉప్పేసేవేటే ఇందులో?”

“ఓలమ్మా! కాఫీలో ఉప్పెవులేత్తారు మావా?” అంది అప్ప.

“నాకు తగుల్తంది.”

అప్ప తాగింది. నేనూ తాగాను. మాకు ఏమీ తెలియలేదు. మేం పూటపూటా ఉప్పు తినే మనుషులం. ఆ మనిషి నాలుకకు ఉప్పు తగిలి ఏళ్ళయింది. ఇసుమంత ఉన్నా ఆయనకు తెలుస్తుందన్న ఆలోచన ఆ క్షణంలో నాకు రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. వచ్చి, తొట్టి వైపు చూసి, వెళ్ళిపోయింది. అన్ని గింజలు పట్టి పారేశాక ఇంకెక్కడి ఉప్పు అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

“ఉప్పు మీద బెంగెట్టుకున్నావు బావా. కలలో కూడా ఆవకాయే వత్తంది నీకు,” అన్నాను.

అప్ప నవ్వింది. బావ కూడా నవ్వాడు. మిగతా కాఫీ తాగాడు. దానికి ఆయన ఇచ్చుకోవలసింది ముందే ఇచ్చేశాడు మరి.

వర్షాలు, సముద్రపు గాలి. పది రోజులు తిరగకముందే ఆయన మాట మారింది.

“ఇనుం నాకినట్టుంది.”

ఈసారి అప్ప నవ్వలేదు. పక్కకొచ్చి నాతో మెల్లగా అంది. “ఆసుపత్రిలో సిస్టరమ్మ ముందే సెప్పింది తమ్ముడూ. రక్తంలో చెడు పెరిగితే నోట్లో ఇనుం రుచొత్తాదంట. జబ్బు ముదురుతున్నట్టే గదా?”

అలాంటి రుచి ఆ జబ్బులో ఉంటుందన్నది నిజమే. అప్ప రాత్రి భోజనం మానేసింది. తర్వాతి డయాలసిస్‌కు వెళ్ళినప్పుడు డాక్టరును అడిగింది. పరీక్షలు రాయించుకుంది. ఆ కాగితాల్లో కొత్తగా పెరిగిందేమీ లేదన్నారు. అయినా అప్ప భయం తగ్గలేదు, ఉప్పు సంగతి నేను చెప్పనూ లేదు.

ఇంతలో హోటలు మేస్త్రీ వచ్చాడు. కాఫీ కలిపే మనిషి, ఇరవై ఏళ్ళుగా బావ దగ్గరే పొడి పట్టుకెళ్తున్నవాడు.

“బాబూ, డికాషన్ దిగట్లేదు. నిన్నంతా ఫిల్టర్ మూసుకుపోనాది. ఇయ్యాల అదే పొడి నీళ్ళలాగ దిగిపోతంది. ఏటి కలుపుతున్నారు?”

“పొడి అదే, మర అదే. మీ ఫిల్టరే పాతదైపోయుంటాది.”

“ఫిల్టరు పాతది. నానూ పాతోణ్ణే. మీరే కొత్త,” అని పొట్లం బల్ల మీద పెట్టి పోయాడు.

ఆ పొడిని బావ వేళ్ళ మధ్య రాసి చూశాడు. చాలాసేపు రాశాడు.

“సక్రం ఎంత బిగిస్తన్నావు?”

“సివరికంటా.”

“మోటారు ఏడెక్కుతందా? పొడి ఏడిగా వత్తందా?”

“వత్తంది.”

“ప్లేట్లు అయిపోనాయిరా. పళ్ళు గుండ్రంగా అరిగిపోతే ఎంత దగ్గిరకి జరిపినా కొయ్యవు, పిసుకుతాయి. ఇప్పి గోటితో సూడు. గోరు మీద తెల్లగా గీత పడితే పదునున్నట్టు. జారిపోతే మార్సాలి. ఇనప రుచి కూడా అందుకేనేమో. ఏవో రాసుకుంటన్నాయి.”

విప్పాను. గోరు జారిపోయింది, సబ్బుబిళ్ళ మీద జారినట్టు. గాళ్ళ మొదట్లో ఉప్పు తుప్పు ఎర్రగా చారలు కట్టి ఉంది. దాన్ని మాత్రం చెప్పలేదు. విశాఖపట్నం ఫోను చేస్తే జత మూడు వేలన్నాడు. నవ్వాను. జాలిపడ్డాను. ఫోనులో చెప్పులు వేసుకోవడం కుదరదు గనక పెట్టేశాను. వెనక్కి చెయ్యలేదు వాడు.

ఇక్కడే నా రెండో ఉపాయం. చిన్నాన్న ఇనప కొట్టు ముందు కమ్మరి కూర్చుని పంట కోతల ముందు కొడవళ్ళకు కక్కు కొట్టేవాడు. అరిగిన కొడవలికి మళ్ళీ పళ్ళు లేచేవి. వీధుల్లో రోళ్ళకు కక్కు కొడతామంటూ ఉలి, సుత్తి పట్టుకుని తిరిగేవాళ్ళు. నునుపెక్కిన రోలు వాళ్ళ చేతిలో గరుకయ్యేది. అరిగినదాన్ని పారేసి కొత్తది కొనడం మా వాళ్ళు ఎరగరు. కొడవలికి, రోలుకు ఉన్న వైద్యం కాఫీ ప్లేటుకు లేకపోవడమేమిటి? ప్లేట్లు గోనెసంచిలో వేసుకుని టెక్కలిలో లేత్ మిషన్ దగ్గరికి పోయాను.

ఆ మనిషి ప్లేటును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆయన నాకు చెప్పవలసినదంతా చెప్పాడు.

“ఇది కమ్మరి ఇనుం కాదు సావుకారీ. పైపొరకి గట్టితనం ఎక్కిస్తారు. ఆ పొర మీద పళ్ళు. నాను తరిగితే ఆ పొర పోతాది, కింద మెత్తనిది మిగులుతాది. పళ్ళు లెగుస్తాయి గానీ నిలబడవు. రెండు ప్లేట్లూ ఎదురెదురుగా సమంగా కూడా రావు. కొత్తవి కొనుక్కో.”

ఇంత చక్కగా చెబుతుంటే నేను విన్నదేమిటంటే, వీడు రేటు పెంచడానికి దారి వేస్తున్నాడని. నా చెవులు అలా తయారైపోయాయి. ఎవడు ఏ నిజం చెప్పినా దాని వెనక ధర వినిపిస్తుంది నాకు.

“ఎయ్యి అడగడానికి ఇంత కథెందుకు? ఆర్నూరిత్తాను, కక్కు కొట్టు,” అన్నాను.

“నాను ఎయ్యి అడగలేదు. వద్దంటన్నాను.”

“ఆర్నూరు. టీ నీదే.”

ఆయన నా మొహం చూసి, నిట్టూర్చి, మిషను ఆన్ చేశాడు. టీ తెప్పించాడు. బేరం గెలిచినట్టు ఊదుకుంటూ తాగాను.

తెచ్చి బిగించాను. గోటితో గీస్తే గీత పడింది. అప్పకు మీసం మెలేసి చెప్పింది అప్పుడే. అప్ప సంతోషపడి గదిలోకి కేకేసింది.

“మావా, ప్లేట్ల పని అవజేసేసేడు తమ్ముడు!”

“కొత్తయ్యేనా?” అని బావ అడిగాడు.

అప్ప నా వైపు చూసింది. లేత్ సంగతి చెబితే వద్దంటాడు, విప్పమంటాడు, మళ్ళీ మూడు వేలంటాడు. అప్పుడే ఆసుపత్రికి ఆటో ఖర్చులకు అప్ప చెవి దుద్దులు తీసింది. ఇవన్నీ కారణాలే. ఉన్న కారణాలన్నీ నావైపే ఉన్నాయి.

“కొత్తయ్యే బావా. మర కూడా సుబ్రంగా కడిగించినంత పని సేసేను. అద్దంలాగుంది.”

ఆ మర్నాడు ఆయన తాగిన కాఫీ నాకు గుర్తున్నట్టు ఇంకే కాఫీ గుర్తులేదు. మంచం మీద లేచి కూర్చున్నాడు. ఒక గుక్క తాగాడు. నోట్లో ఉంచుకున్నాడు. మింగాడు. ఇంకో గుక్క. మేమిద్దరం గుమ్మంలో నిలబడి ఉన్నాం.

“ప్లేట్లు కొత్తయ్యి,” అన్నాడు, తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు. “మర సుబ్రం. గింజ ఎప్పటిదే.”

“అవును బావా.”

“అయితే ఇంక ఇనుం నా నోట్లోనే ఉంది.”

గ్లాసు అప్ప చేతికిచ్చేశాడు. సగం అలాగే ఉంది.

“రేపట్నించి కాఫీ ఒద్దే. ఆ నీళ్ళు నాకు నీళ్ళుగానే ఇచ్చీ. దానికోసం దాహం ఓర్సుకోడం దండగ.”

అప్ప కొంగు నోట్లో కుక్కుకుని వంటగదిలోకి పోయింది. నేను కొట్టులోకి వచ్చి ఎవరో అడిగిన పావుకిలో పొడి పట్టి ఇచ్చాను. మర నున్నగా తిరిగింది.

తెలుగులో కక్కు అనే మాటకు రెండర్థాలు. నేను మొదటి అర్థానికి డబ్బిచ్చాను. రెండోది ఉచితంగా వచ్చింది. మూడు వారాలు తిరక్కముందే మర తిన్నదంతా కక్కడం మొదలుపెట్టింది. ఒక పక్క రవ్వ, ఒక పక్క దుమ్ము. చక్రం బిగిస్తే ప్లేట్లు ఒకవైపే ఒరుసుకుని కీచుమంటున్నాయి. మేస్త్రీ ఈసారి లోపలికి కూడా రాలేదు. వీధిలోంచే చెప్పాడు.

“బాబూ, రేపట్నించి మాకు ఒద్దు. కంపెనీ పేకట్లు తెప్పిస్తన్నాం. బావగోరికి నానే సెబుదునా, మీరే సెబుతారా?”

“నానే సెబుతాను.”

“ఆయన్ని బతికున్నోళ్ళలో లెక్కేసి ఆయన మాటినండి బాబూ. ఆయన మర ముందు నిలబడ్డ రోజుల్లో మాకీ గొడవ లేదు,” అని సైకిలెక్కాడు.

ఆ రోజు షట్టరు దించి మర ముందు కూర్చున్నాను. నాన్న కొట్టులో పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటుండేది. మిల్లు నుంచి వచ్చిన రవ్వలో ఇనప రజను ఉందేమోనని ఆయన బస్తా విప్పగానే దాన్ని తిప్పేవాడు. నాన్న పోయాక ఆ కొట్టులోంచి నేను తెచ్చుకున్నది ఆ ముక్క ఒక్కటే. ఇన్నాళ్ళూ కాఫీ కొట్టు గల్లాపెట్టెలో అడుగున పడి ఉంది. కాగితం మీద కాఫీ పొడి పరిచి దాన్ని పైన తిప్పాను. తీసి చూస్తే, అంచున సన్నగా నూగు. వేలితో రాస్తే నల్లగా, గరగరలాడింది.

ఆయన నాలుక కనిపెట్టింది అదే.

ప్లగ్గు పీకి మూత విప్పాను. ప్లేట్లు తీశాను. కదలని ప్లేటు వెనక, లేత్‌కు తీసుకెళ్ళినప్పుడు కూడా నేను వంగి చూడనిచోట, ఉప్పు తేమను పీల్చి తడిసి, పొడితో కలిసి, తుప్పుతో ఎర్రబడి ముద్ద కట్టి ఉంది. బెల్లం పాకం మాడి గిన్నెకు పట్టినట్టు, పాత నూనె మర లోపలి గోడలకు నల్లగా గట్టిపడి ఉంది. నా ఉప్పు పైజిడ్డును మాత్రమే గోకి, మిగతాదాని మీద కూర్చుంది. మెత్తటి పళ్ళు అప్పుడే మళ్ళీ గుండ్రబడ్డాయి. కొన్ని అంచులు విరిగి లేవు. అవి ఎటు పోయాయో నాకు తెలుసు. పొట్లాల్లో పోయాయి.

మర్నాడే విశాఖపట్నం వెళ్ళాను. కొట్టువాడు మూడు వేలన్నాడు. ఇచ్చేశాను. వాడే కంగారుపడి బిల్లు మీద రెండుసార్లు చూసుకున్నాడు.

ఆ సాయంత్రం ఈనెపుల్లలు చీల్చుకుని కూర్చున్నాను. నల్లపొర పెచ్చులు పెచ్చులుగా లేచింది. మర లోపలి గోడలు, మూతి లోపలి వంపు, మూత అంచు, బోల్టుల గాళ్ళు. పళ్ళు తోముకునే బ్రష్షులు రెండు అరిగిపోయాయి. గుడ్డ గుడ్డలా వచ్చేదాకా, అంటే నలుపు అంటనంతదాకా తుడిచాను. కొత్త ప్లేటు మీద గోరు పెట్టి లాగితే తెల్లగా తరుగు రాలింది. సుద్దగీత పెట్టి బిగించి, చక్రాన్ని ప్లేట్లు తగిలీతగలని చప్పుడు వచ్చేదాకా తిప్పి, వెంటనే కాస్త వెనక్కి వదిలాను. మొదటి గింజలు పట్టి పారేశాను. కొత్త ఇనుముకు ఉండే రజను, నూనె వాటితో పోవాలి. ఆ తర్వాతి పొడి వేళ్ళ మధ్య రాశాను. ఒకే తీరు. అయస్కాంతానికి ఏమీ అంటలేదు. గదంతా బావ కొట్టు వాసన వచ్చింది.

అప్పచేత కాఫీ పెట్టించి నేనే తీసుకెళ్ళాను. ముందు అంతా చెప్పాను. ఉప్పు, కక్కు, కొత్తవన్న మాట, అన్నీ. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఆ నెలల్లో బాగా చిక్కిపోయాడు. మాట కూడా మెల్లగా వస్తోంది.

“అయితే ఉప్పేసేవన్నమాట.”

“ఏసేను బావా.”

“నా నోట్లో ఇనుం కాదు, నీ ఇనుమే.”

“నాదే.”

“ఏమే, ఇన్నావా?” అని గుమ్మంలో ఉన్న అప్పతో అన్నాడు. “నా నాలిక బాగానే ఉన్నాది అప్పుడు.”

తిడతాడేమోనని నిలబడ్డాను. తిడితే బాగుండేది. గ్లాసు అందుకున్నాడు. ఒక గుక్క తాగి నోట్లో ఉంచుకున్నాడు, ఎప్పటిలాగే. చాలాసేపు. మింగి, ఇంకో గుక్క తాగాడు. తర్వాత మా ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూశాడు. ఆ చూపు నాకు కొత్త. ఇరవై ఏళ్ళుగా మేం ఆయన మొహం చూసేవాళ్ళం, తలూపుతాడా లేదా అని.

“ఎలగుందిరా?” అని ఆయన అడిగాడు.

“నువ్వే సెప్పాల బావా.”

“నాకేటీ తెలట్లేదు. ఏడిగా ఉన్నట్టు మాత్తరం తెలుస్తంది. నువ్వు తాగి సెప్పు, బాగుందా?”

తాగాను. బాగుంది. అంత బాగున్న కాఫీ ఆ కొట్టులో ఆయన నిలబడ్డ రోజుల్లోనే తాగాను.

“బాగుంది బావా.”

“అయితే సాల్లే,” అని అటు తిరిగి పడుకున్నాడు.

జబ్బు తన పని తాను చేసుకుపోయింది. ఈసారి నిజంగానే నాలుక మీదికి వచ్చింది. నేను ఆయన నాలుకను పాడుచేయలేదు. అది బాగున్న ఆఖరి నెలలను పాడుచేశాను. ఆ నెలల్లో ఆయన రోజూ దాహం ఇచ్చి నా ఉప్పు, నా ఇనప రజను తాగాడు. చివరికి తన నోటినే నమ్మడం మానుకున్నాడు.

హోటలు తిరిగి రాలేదు. మేస్త్రీ వచ్చి పొడి చూసి మెచ్చుకున్నాడు గానీ పేకట్ల మనిషితో యజమానికి మాట అయిపోయిందట. మేష్టార్లు ఇద్దరు ముగ్గురు వస్తారు. కొట్టులో ఇప్పుడు సగం చోటు అప్ప అమ్ముతున్న జీడిపప్పు పొట్లాలది. ఆదివారం సాయంత్రాలు నేను మర విప్పి ఈనెపుల్లతో గాళ్ళు గీకుతాను. గీకడానికి పెద్దగా ఏమీ ఉండదు. ప్లేట్ల మీద గోరు పెడితే ఇంకా తెల్లగా తరుగుతుంది. అరిగేంత పని లేదు వాటికి.

ఇక లెక్క. కల్లుప్పు, అమ్మ కుండలోది, ఊరికే. లేత్ మిషన్‌కు ఆరు వందలు, టీ ఆయనదే. కొత్త ప్లేట్లు మూడు వేలు, బేరం లేదు. అవసరం లేని రక్తపరీక్షలు, అప్ప భయంతో చేయించినవి, పన్నెండు వందలు. పాత ప్లేట్లు పాత ఇనుము కింద తూచి అమ్మితే యాభై రూపాయలు వచ్చాయి, అది జమ. హోటలు పోయింది, నెలనెలా పోతూనే ఉంటుంది గనక దాన్ని మొత్తం కట్టడం కుదరదు. మిగులు కింద రాయదగినది ఒక్కటే: రోజుకు అర గ్లాసు నీళ్ళు. బావ దాన్ని నీళ్ళుగానే తాగుతున్నాడు.